4, 7, 11తో బొమ్మ వచ్చింది, అయినా త్రిభుజం ఎందుకు కాదు?

మాస్టారూ, మా అమ్మాయి ఏడో తరగతి. 4, 7, 11 సెం.మీ. భుజాలతో త్రిభుజం సాధ్యమా అని ఇంటిపని ఇచ్చారు. తను వృత్తలేఖినితో గీసింది, వచ్చింది. బాగా అణిగిపోయినట్టున్నా అది త్రిభుజమే. అర సెంటీమీటరు ఎత్తుంది, నేనూ కొలిచి చూశాను. టీచరుగారు తప్పని కొట్టేశారు. దాని కిందే, రెండు భుజాలు 7, 11 అయితే మూడోది ఏ రెండు కొలతల మధ్య ఉండాలనే లెక్క. అమ్మాయి 5 నుంచి 17 అని రాసింది, అదీ తప్పే అన్నారు. మావారేమో 18 కంటే తక్కువుంటే చాలంటారు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది చదువుతున్న మా అబ్బాయి ప్రోగ్రాం రాసి 0.1, 0.2, 0.3 మీటర్లు ఇస్తే త్రిభుజం అవుతుందని కంప్యూటరే చెప్పిందంటాడు. ఎవరి మాట సరైనదో చెప్పండి.
— ఒక తల్లి, తాడేపల్లిగూడెం

అమ్మా,

4, 7, 11 విషయంలో టీచరుగారి మాటే సరైనది. అలాగని మీ అమ్మాయి బొమ్మలో మీరు కొలిచిన అర సెంటీమీటరు ఎత్తు అబద్ధం కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతావి దాని వెంటే తేలతాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అమ్మాయి 11 సెం.మీ. గీతను అడుగున గీసి ఉంటుంది. దాని ఎడమ కొసను A అనీ, కుడి కొసను B అనీ అందాం. A దగ్గర వృత్తలేఖిని ముల్లు పెట్టి 7 సెం.మీ. వ్యాసార్ధంతో ఒక చాపం, B దగ్గర పెట్టి 4 సెం.మీ. వ్యాసార్ధంతో ఇంకో చాపం గీసింది. అవి ఖండించుకున్న చోటు C. ఇప్పుడు C నుంచి అడుగు గీత మీదికి నిలువుగా ఒక లంబం దించండి. అడుగు గీత రెండు ముక్కలవుతుంది, బొమ్మలో రెండు లంబకోణ త్రిభుజాలు కనిపిస్తాయి. ఎడమవైపు దానికి 7 సెం.మీ. భుజం కర్ణం, కుడివైపు దానికి 4 సెం.మీ. భుజం కర్ణం. రెండింటికీ ఎత్తు ఒకటే, మీరు కొలిచిన 0.5 సెం.మీ.

పైథాగరస్ సూత్రంతో అడుగు ముక్కల పొడవులు తీద్దాం. ఎడమవైపు 49లోంచి 0.25 తీసేస్తే 48.75, దాని వర్గమూలం దాదాపు 6.98. కుడివైపు 16లోంచి 0.25 తీసేస్తే 15.75, దాని వర్గమూలం దాదాపు 3.97. రెండూ కలిపితే 10.95 సెం.మీ. అంటే 7, 4 భుజాలు ఖచ్చితంగా ఉండి ఎత్తు అర సెంటీమీటరు వచ్చిందంటే, అడుగు గీత 11 కాదు, 10.95. తేడా అర మిల్లీమీటరు. లేదా అడుగు గీత సరిగ్గా 11 ఉండి, వృత్తలేఖిని రెండుసార్లూ కలిపి అర మిల్లీమీటరు ఎక్కువ తెరుచుకుని ఉండాలి.

స్కేలు మీద గీతల మందం, పెన్సిలు మొన మందం, వృత్తలేఖిని ముల్లు కాగితంలో చేసే రంధ్రం, ఇవన్నీ ఆ అర మిల్లీమీటరుకు సరిపోతాయి. మీ అమ్మాయి చేతిపనిలో లోపమేమీ లేదు. ఎంత జాగ్రత్తగా గీసినా ఈ కొలతల దగ్గర ఇలాగే జరుగుతుంది. పొరపాటు దీనికి వ్యతిరేక దిశలో జరిగితే రెండు చాపాలూ ఒకదాన్నొకటి తాకకుండా ఆగిపోతాయి. తరగతిలో అందరి నోటుపుస్తకాలూ తెప్పించి చూస్తే, ఇదే లెక్కకు కొందరికి అణిగిన త్రిభుజం వచ్చి ఉంటుంది, కొందరికి చాపాల మధ్య సందు మిగిలి ఉంటుంది. ఒకే కొలతలకు రెండు రకాల బొమ్మలు వస్తున్నాయంటే ఆ కొలతలు సరిహద్దు మీద ఉన్నాయని అర్థం.

ఇక్కడ చాలామంది పెద్దవాళ్లకు కూడా తెలియని సంగతి ఒకటుంది. పొడవులో పొరపాటు అర మిల్లీమీటరే, ఎత్తు మాత్రం 5 మిల్లీమీటర్లు, అంటే పది రెట్లు. పొరపాటును ఇంకా తగ్గిస్తే ఈ నిష్పత్తి ఇంకా పెరుగుతుంది. 7, 11 అలాగే ఉంచి 4 సెం.మీ. భుజాన్ని మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే పెంచి లెక్క వేస్తే ఎత్తు 2 మిల్లీమీటర్లకు పైనే వస్తుంది, అంటే ఇరవై రెట్లకు పైన. కంటికి కనపడనంత పొరపాటు కాగితం మీద కంటికి స్పష్టంగా కనపడే త్రిభుజంగా మారుతుంది. దీనికి కారణం పై లెక్కలోనే ఉంది. 7 సెం.మీ. పుల్ల ఒక కొసను అర సెంటీమీటరు పైకెత్తితే దాని అడ్డం పొడవు తగ్గేది 0.2 మిల్లీమీటరు కూడా ఉండదు. కాస్త వంచితే అడ్డంలో దాదాపు ఏమీ నష్టం లేదు. అదే తిరగేసి చూస్తే, అడ్డంలో కాస్త వెసులుబాటు దొరికితే చాలు, ఎత్తు గబుక్కున పెరిగిపోతుంది.

కాబట్టి సరిహద్దు దగ్గర బొమ్మను సాక్ష్యంగా తీసుకోకూడదు. 4, 7, 13 లాంటి కొలతలైతే చాపాల మధ్య 2 సెం.మీ. ఖాళీ ఉంటుంది, బొమ్మే చెప్పేస్తుంది. 4, 7, 9 అయితే చాపాలు నిక్కచ్చిగా ఖండించుకుంటాయి, అక్కడా బొమ్మను నమ్మొచ్చు. 4, 7, 11 దగ్గర మాత్రం కూడికే చెప్పాలి. 4, 7 కలిపితే 11. అడుగు గీత మీద A నుంచి 7 సెం.మీ. నడిచి వచ్చే చాపం, B నుంచి 4 సెం.మీ. వెనక్కి వచ్చే చాపం సరిగ్గా ఆ గీత మీదే ఒకే బిందువు దగ్గర తాకుతాయి. C ఆ గీత మీదే కూర్చుంటుంది. మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద ఉంటే త్రిభుజం ఎక్కడ? ఎత్తు సున్నా, వైశాల్యం సున్నా.

అందుకే నియమంలో ‘ఎక్కువ’ అన్న మాట ఉంది, ‘సమానం’ అన్న మాట లేదు. త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడో భుజం కంటే ఎక్కువగా ఉండాలి. సమానమైతే చాలదు.

పుస్తకంలో ఇదే నియమాన్ని మూడు కూడికలుగా చేసి చూపిస్తారు. మూడూ వేయడం తప్పు కాదు కానీ అక్కర్లేదు. పిల్లలు ఎక్కువగా జారిపడేది కూడా అక్కడే. ఉదాహరణకు 5, 14, 8 ఇచ్చారనుకోండి. ఇచ్చిన వరసలోనే మొదటి రెండూ కలిపి 19 వచ్చింది, అది 8 కంటే ఎక్కువ, కాబట్టి అవుతుందని రాసేస్తారు. తర్వాతి రెండు కలిపినా 22, అది 5 కంటే ఎక్కువే. అసలు చూడాల్సింది 5, 8ల మొత్తం. అది 13, ఎదురుగా ఉన్నది 14. కాబట్టి కాదు.

మొదటి రెండు కూడికలూ ఎందుకు ఏమీ చెప్పలేవో అమ్మాయితోనే చెప్పించండి. అన్నిటికంటే పెద్ద భుజం ఏ కూడికలో ఉన్నా, ఆ మొత్తం మిగిలిన చిన్న భుజం కంటే ఎక్కువే అవుతుంది. అది ముందే గెలిచిన పందెం. నిజంగా పరీక్ష జరిగేది ఒక్కచోటే, చిన్నవి రెండూ కలిసి పెద్దదాన్ని మించుతాయా లేదా అన్న దగ్గర. అందుకని ముందు కొలతలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాయించండి, తర్వాత ఒక్క కూడిక వేయించండి. ఆ వరస రాయకముందు కొలతలన్నీ ఒకే ప్రమాణంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. 60 సెం.మీ., 50 సెం.మీ., 1 మీటరు ఇస్తే, 1 అన్న అంకె చూసి అదే చిన్న భుజం అనుకునే పిల్లలున్నారు. మీటరును 100 సెం.మీ. చేస్తే 50, 60ల మొత్తం 110, అది 100ను మించింది, త్రిభుజం అవుతుంది.

ఇక ఈ నియమాన్ని ఎందుకు నమ్మాలి? రెండు ఊళ్ల మధ్య తిన్నగా పోయే దారే దగ్గరి దారని అందరికీ తెలుసు కదా, దీనికి రుజువెందుకు అనిపించవచ్చు. ఈ మాట కొత్తది కాదు. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ క్రీ.పూ. 300 ప్రాంతంలో రాసిన ‘ఎలిమెంట్స్’ మొదటి భాగంలో ఇది 20వ ప్రతిపాదన. గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ శిష్యులు దీన్ని ఎగతాళి చేశారని, మేత ఒక మూల ఉంటే గాడిద కూడా రెండు భుజాల వెంట తిరిగి పోదు, తిన్నగా పోతుంది, దానికి తెలిసినదానికి రుజువేమిటన్నారని క్రీ.శ. 5వ శతాబ్దంలో ప్రోక్లస్ అనే తత్వవేత్త యూక్లిడ్ పుస్తకానికి రాసిన తన వ్యాఖ్యానంలో చెప్పాడు. చూసి గ్రహించడం వేరు, ఎందుకో కారణంతో తెలుసుకోవడం వేరని ఆయన జవాబిచ్చాడు. ఆ జవాబు ఎంత సరైనదో మీ ఇంటి గొడవే చెబుతోంది. 4, 7, 11 దగ్గర కళ్లు త్రిభుజం ఉందన్నాయి.

యూక్లిడ్ రుజువు ఏడో తరగతి పిల్లకు అందుతుంది. ఏదో ఒక త్రిభుజం ABC గీయించండి. B నుంచి A దాకా ఉన్న భుజాన్ని A దాటించి ముందుకు పొడిగించాలి. ఆ పొడిగింపు మీద, A నుంచి AC అంత దూరంలోనే D అనే బిందువు గుర్తించాలి. C, D కలపాలి. ఇప్పుడు ACD సమద్విబాహు త్రిభుజం, ఎందుకంటే AC, AD సమానం. కాబట్టి C దగ్గర ఉన్న ACD కోణం, D దగ్గర ఉన్న ADC కోణం సమానం. C దగ్గరే ఇంకో పెద్ద కోణం కూడా ఉంది, BCD. అందులో ACD కోణం ఒక భాగం మాత్రమే, దాని పక్కన ACB కోణం కూడా చేరింది. అంటే BCD కోణం, D దగ్గరి కోణం కంటే పెద్దది.

పెద్ద కోణానికి ఎదురుగా పెద్ద భుజం ఉంటుంది. BCD అనే పెద్ద త్రిభుజంలో C దగ్గరి కోణానికి ఎదురుగా ఉన్నది BD. D దగ్గరి కోణానికి ఎదురుగా ఉన్నది BC. కాబట్టి BC కంటే BD పెద్దది. BD అంటే ఏమిటి? BA, దాని తర్వాత AC అంత పొడవున్న AD. రెండు భుజాల మొత్తం మూడోదాన్ని మించింది. గమనించారా, ACB కోణం ఎంత చిన్నదైనా సున్నా మాత్రం కాదు. ‘సమానం’ అన్న మాటకు చోటు లేకుండా పోయింది అక్కడే.

ఈ రుజువు సగం పనే చేసింది. త్రిభుజం ఉంటే నియమం నిలుస్తుందని చెప్పింది. కొలతలు నియమానికి లోబడితే త్రిభుజం తప్పకుండా వస్తుందని చెప్పలేదు. ఆ రెండో సగం వృత్తలేఖిని చేస్తుంది. యూక్లిడ్‌లో అది 22వ ప్రతిపాదన. పెద్ద భుజాన్ని అడుగున వేసి, దాని రెండు కొసల నుంచి మిగతా రెండు పొడవులతో చాపాలు గీస్తే, ఆ రెండు పొడవుల మొత్తం అడుగు కంటే తక్కువైతే చాపాలు అందుకోవు, సమానమైతే గీత మీద తాకుతాయి, ఎక్కువైతే గీత దగ్గర ఒకదానిలోకి ఒకటి చొరబడి పైన ఒకచోట, కింద ఒకచోట ఖండించుకుంటాయి. పైన వచ్చేదీ కింద వచ్చేదీ ఒకే త్రిభుజం, అద్దంలో తిప్పినట్టు. అందువల్ల ఒక్క కూడికతోనే అవుననో కాదనో ధైర్యంగా రాయొచ్చు.

ఇప్పుడు రెండో లెక్క. కొబ్బరి చీపురులోంచి రెండు ఈనెలు తీసి ఒకటి 11 సెం.మీ., ఇంకొకటి 7 సెం.మీ.కి కత్తిరించండి. ఒక్కో కొసను కలిపి దారంతో వదులుగా కట్టండి. పెద్ద ఈనెను బల్ల మీద కదలకుండా అదిమి పట్టి, చిన్నదాన్ని దాని మీదికి పూర్తిగా మడవండి. కట్టని కొసల మధ్య దూరం 11లోంచి 7 పోగా 4. అక్కడి నుంచి చిన్న ఈనెను మెల్లగా తిప్పుతూ పోతే ఆ దూరం పెరుగుతూ పోతుంది. రెండు ఈనెలూ లంబకోణంలో నిలిచినప్పుడు 121, 49 కలిపితే 170, దాని వర్గమూలం 13 కంటే కాస్త ఎక్కువ. ఇంకా తిప్పి తిన్నగా చాపేస్తే 18. ఆ కదలికలో దూరం ఎక్కడా గెంతదు. 4 నుంచి 18 దాకా మధ్యలో ఉన్న ప్రతి కొలతా ఎక్కడో ఒకచోట వస్తుంది, ఒక్కసారే వస్తుంది. సరిగ్గా 4 దగ్గరా, సరిగ్గా 18 దగ్గరా మాత్రం ఈనెలు రెండూ ఒకే గీతలో ఉంటాయి, త్రిభుజం ఉండదు.

మీవారు చెప్పిన 18 కంటే తక్కువ అన్నది నిజమే, కానీ అది ఒక కొస మాత్రమే. ఆయన మాట ప్రకారం 2 సెం.మీ. కూడా కుదరాలి. 2, 7, 11 వేసి చూడండి. 2, 7 కలిపితే 9, పెద్దది 11. అందదు. ఆయన మూడో భుజమే పెద్దదవుతుందని అనుకున్నారు. అది చిన్నదయ్యే వీలు కూడా ఉంది. అప్పుడు పెద్దది 11. మూడో భుజాన్ని x అంటే, x, 7 కలిసి 11ను మించాలి, కాబట్టి x 4ను మించాలి. x పెద్దదైతే 7, 11 కలిసి దాన్ని మించాలి, కాబట్టి x 18 కంటే తక్కువ ఉండాలి. మూడో కూడిక, x, 11 కలిపి 7ను మించాలన్నది, ఎప్పుడూ నిజమే. మిగిలింది ఇది:

4 < x < 18

కింది కొస ఇచ్చిన రెండు భుజాల భేదం, పై కొస వాటి మొత్తం. ఏ రెండు భుజాలకైనా ఇంతే.

అమ్మాయి 5 నుంచి 17 అని ఎందుకు రాసిందో నాకు అర్థమైంది. 4 కాకూడదు, 18 కాకూడదు అన్న సంగతి ఆ పిల్లకు తెలుసు. అందుకే ఒక్కో అంకె లోపలికి జరిగింది. ఆలోచన సరైనదే, కానీ 4కూ 5కూ మధ్య ఏమీ లేదన్నట్టు రాసింది. 4.1 సెం.మీ. కూడా భుజమే. 4.1, 7 కలిపితే 11.1, పెద్దది 11, సరిపోయింది. ఎత్తు లెక్కిస్తే 7 మిల్లీమీటర్లు వస్తుంది. 17.9 కూడా కుదురుతుంది. ప్రశ్నలో ‘ఏ రెండు కొలతల మధ్య’ అని అడిగితే జవాబు 4, 18ల మధ్య. ఆ రెండూ చేరవని పక్కన రాయడం మంచిది. ‘మూడో భుజం పూర్ణసంఖ్య అయితే ఏవేవి కావచ్చు’ అని అడిగి ఉంటే మాత్రం 5 నుంచి 17 దాకా అన్నదే సరైన జవాబు, మొత్తం 13 విలువలు. పరీక్షలో ముందు చదవాల్సింది ఆ ఒక్క మాట, పూర్ణసంఖ్య అన్నారా లేదా అని.

ఆ 13 గురించి ఒక చిన్న వినోదం చెప్పాలనుంది. 11 తీసేసి 100 పెట్టండి. 7, 100 అయితే మూడోది 93, 107ల మధ్య, పూర్ణసంఖ్యలు 94 నుంచి 106 దాకా, మళ్లీ 13. పెద్ద భుజం ఎంత పెరిగినా లెక్క మారదు. చిన్న భుజాన్ని రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే వచ్చేది అదే. ఈనెల మీద చూస్తే ఎందుకో కనిపిస్తుంది. తిరిగే పుల్ల చిన్నది, దాని కొస పెద్ద పుల్లకు కట్టిన చోటు నుంచి ఇటు 7, అటు 7 మాత్రమే వెళ్లగలదు.

ఇదే నియమం ఇంకో వేషంలో తరచు పరీక్షల్లో వస్తుంది. సమద్విబాహు త్రిభుజంలో రెండు భుజాలు 5, 12 అయితే చుట్టుకొలత ఎంత అని అడుగుతారు. మూడోది 5 కావచ్చు, 12 కావచ్చు కదా అని రెండు జవాబులు రాస్తారు, 22 అనీ 29 అనీ. 5, 5 కలిపితే 10, అది 12ను అందుకోదు. కాబట్టి 12, 12, 5 ఒక్కటే మిగులుతుంది, జవాబు 29. అంకెలు 8, 12 అయితే రెండూ కుదురుతాయి, 28, 32 రెండూ రాయాలి. ఏది రాయాలో బట్టీ పట్టి తెలుసుకునేది కాదు, ప్రతిసారీ ఆ కూడిక వేసి చూడాల్సిందే.

అబ్బాయి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అది చెల్లెలి బొమ్మకు కవల. కంప్యూటరు నిజంగానే అలా చెబుతుంది. అతను రాసింది ఇలాంటిదే అయి ఉంటుంది:

```python
a, b, c = sorted([0.1, 0.2, 0.3])
print(a + b > c)
```

దీన్ని నడిపితే `True` అని వస్తుంది. వరసగా పేర్చి చిన్నవి రెండూ కలపడం, సమానాన్ని వదిలి ‘ఎక్కువ’ గుర్తునే వాడడం, రెండూ సరిగ్గానే చేశాడు. లోపం కొలతలను దాచుకునే తీరులో ఉంది. కంప్యూటరు దశాంశ సంఖ్యలను రెండు ఆధారంగా ఉన్న పద్ధతిలో, పరిమితమైన చోటులో రాసుకుంటుంది. పదో వంతు అన్నది ఆ పద్ధతిలో ఎంతకీ ముగియదు, మనకు మూడో వంతు 0.333 అంటూ సాగిపోయినట్టే. ఎక్కడో ఒకచోట కత్తిరించి, దగ్గరి సంఖ్యను పెట్టుకుంటుంది. అలా కత్తిరించిన 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అది 0.3ను వెంట్రుకవాసి మించింది, కాబట్టి త్రిభుజం అవుతుందంది. చెల్లెలి పెన్సిలు మొన అర మిల్లీమీటరు మందమైతే, అన్న కంప్యూటరు మొన మందం పదిహేడో దశాంశ స్థానంలో ఉంది. సరిహద్దు మీద నిలబడ్డ కొలతలకు ఆ మాత్రం చాలు.

ఇలాంటి చోట మందును ముందే వేసుకోవాలి. 0.1, 0.2, 0.3 మీటర్లను మిల్లీమీటర్లు చేస్తే 100, 200, 300. పూర్ణసంఖ్యలను కంప్యూటరు కత్తిరించకుండా దాచుకుంటుంది, అప్పుడు అదే ప్రోగ్రాం `False` అంటుంది. నిజంగా కొలిచి తెచ్చిన పొడవులైతే, ఒక చెక్క ముక్క 29.9 సెం.మీ.ఓ 30 సెం.మీ.ఓ తెలియనప్పుడు, ఏ ప్రోగ్రామూ సరిహద్దు దగ్గర నిశ్చయంగా చెప్పలేదు. కొలతలో ఎంత పొరపాటుకు అవకాశం ఉందో చూసి, చిన్నవి రెండూ కలిసి పెద్దదాన్ని అంతకంటే ఎక్కువగా మించితేనే అవుతుందనాలి, అంతకంటే ఎక్కువగా తగ్గితేనే కాదనాలి, ఆ మధ్యలో ఉంటే కొలత మళ్లీ తీయాలి. పాఠ్యపుస్తకంలో ఇచ్చిన 4, 7, 11 అలాంటివి కావు. అవి కొలిచి తెచ్చినవి కావు, ఇచ్చిన సంఖ్యలు. వాటికి సందేహం లేదు, 11, 11కంటే ఎక్కువ కాదు.